ఎస్‌వీడీ మీద అపోహలు, వాస్తవాలు: ఆరు అంకెల పట్టికతో

ఎస్‌వీడీ అంటే సింగ్యులర్ వాల్యూ డీకంపోజిషన్, ఒక మాత్రికను సరళమైన పొరల మొత్తంగా విడదీసే పద్ధతి. మాత్రికల గుణకారం వస్తే చాలు, ఇక్కడున్న ప్రతి లెక్కనూ కాగితం మీద సరిచూసుకోవచ్చు. మూడు దుకాణాలు ఒక గంటలో ఎన్ని కప్పుల టీ, ఎన్ని కప్పుల కాఫీ అమ్మాయో ఒక పట్టిక వేద్దాం. అడ్డు వరుసలు దుకాణాలు. మొదటి నిలువు వరుస టీ, రెండోది కాఫీ.

```
A = 22   6
    41  18
    38  24
```

అపోహ: ఐగెన్ విలువలు నేర్చుకోకుండా ఎస్‌వీడీ అర్థం కాదు. అది చతురస్ర మాత్రికలకే పనికొస్తుంది.

మూడు అడ్డు వరుసలు, రెండు నిలువు వరుసలు ఉన్న మన పట్టిక చతురస్రం కాదు. అయినా దానికి ఎస్‌వీడీ ఉంది. వాస్తవ సంఖ్యలున్న ఏ మాత్రికకైనా ఉంటుంది.

ముందు ఒక చిన్న విషయం. ఒక నిలువు సదిశను ఒక అడ్డు సదిశతో గుణిస్తే పూర్తి పట్టిక వస్తుంది. (1, 2, 2) ని నిలువుగా రాసి (2, 1) అనే అడ్డు వరుసతో గుణిస్తే 2, 1, 4, 2, 4, 2 వస్తాయి. ఇందులో ప్రతి అడ్డు వరుసా ఒకే నిష్పత్తిలో ఉంటుంది. ఇలాంటి పట్టికకు ర్యాంక్ 1. ఏ పట్టికనైనా ఇలాంటి పొరల మొత్తంగా విడదీయడమే ఎస్‌వీడీ చేసే పని. మన పట్టిక ఇలా విడిపోతుంది:

```
22   6     20  10      2  -4
41  18  =  40  20  +   1  -2
38  24     40  20     -2   4
```

మొదటి పొర 10 × (1, 2, 2) × (2, 1). రెండోది 1 × (2, 1, −2) × (1, −2). పట్టికను రెండు పొరలుగా ఎన్ని రకాలుగానైనా విడదీయొచ్చు. ఎస్‌వీడీ ప్రత్యేకత ఏమిటంటే, పొరల్లోని నిలువు సదిశలు ఒకదానికొకటి లంబంగా ఉంటాయి: 1×2 + 2×1 + 2×(−2) = 0. అడ్డు సదిశలూ అంతే: 2×1 + 1×(−2) = 0. అందుకే ఒక పొరలో ఉన్న సమాచారం ఇంకో పొరలోకి చొరబడదు.

ప్రతి సదిశనూ దాని పొడవుతో భాగించి, పొడవు 1 చేసి రాయడం ఆనవాయితీ. అప్పుడు ముందు మిగిలే గుణకాన్ని సింగ్యులర్ విలువ అంటారు. (1, 2, 2) పొడవు 3, (2, 1) పొడవు √5. కాబట్టి మొదటి సింగ్యులర్ విలువ 10 × 3 × √5, అంటే 67.08. రెండోది 1 × 3 × √5, అంటే 6.71. పుస్తకాల్లో కనిపించే `A = U S V^T` ఇదే. U లో నిలువు సదిశలు, S లో ఈ గుణకాలు పెద్దది ముందు వచ్చేలా, V^T లో అడ్డు సదిశలు ఉంటాయి.

మరి ఈ (2, 1) ని కనిపెట్టేదెలా? గుణిస్తూ పోవడమే. (1, 1) తో మొదలుపెట్టండి. A తో గుణిస్తే (28, 59, 62). దాన్ని A ట్రాన్స్‌పోజ్‌తో, అంటే అడ్డు వరుసలను నిలువుగా తిప్పి రాసిన A తో, గుణిస్తే (5391, 2718), అంటే నిష్పత్తి 1.983. ఇంకోసారి A తో, మళ్లీ ట్రాన్స్‌పోజ్‌తో గుణిస్తే 1.9998. రెండు విడతల్లోనే 2:1 కి ఆనుకుంది. ఇంత త్వరగా రావడానికి కారణం సింగ్యులర్ విలువల మధ్య పది రెట్ల తేడా. ప్రతి విడతలో తప్పు ఆ తేడా వర్గంతో, అంటే వందతో భాగింపబడుతుంది. మొదటి రెండు విలువలూ దాదాపు సమానంగా ఉన్న మాత్రికలో మాత్రం ఇదే పద్ధతి వందల విడతలు తిరిగినా నిలకడకు రాకపోవచ్చు. అప్పుడు తప్పు మీ లెక్కలో లేదు. ఆ రెండు దిశలను వేరు చేసే సమాచారం పట్టికలోనే తక్కువగా ఉంది.

అపోహ: ర్యాంక్ తగ్గించడమంటే అంతగా అక్కర్లేని నిలువు వరుసలను తీసేయడం.

కాఫీ వరుసను సున్నా చేస్తే ర్యాంక్ 1 అవుతుంది, నిజమే. కానీ పోయేవి 6, 18, 24. వాటి వర్గాల మొత్తం 936, వర్గమూలం 30.6. తప్పును ఇలాగే కొలుస్తాం. ఎస్‌వీడీ చేసేది వేరు. వరుసలన్నింటినీ ఉంచి, రెండో పొరను వదిలేస్తుంది. అప్పుడు పోయేవి 2, −4, 1, −2, −2, 4. వర్గాల మొత్తం 45, వర్గమూలం 6.71. రెండో సింగ్యులర్ విలువ కూడా సరిగ్గా ఇంతే. ఇది యాదృచ్ఛికం కాదు. వదిలేసిన సింగ్యులర్ విలువల వర్గాల మొత్తమే ఎప్పుడూ ఆ తప్పుకు వర్గం. ర్యాంక్ k ఉన్న మాత్రికలు ఎన్ని ఉన్నా, మొదటి k పొరల మొత్తం కన్నా తక్కువ తప్పుతో A ని పోలినది ఉండదని ఎకార్ట్, యంగ్ 1936లో చూపించారు.

పొరలను చదవడం కూడా అలవాటు చేసుకోవాలి. మొదటి పొర, ‘అన్ని చోట్లా టీ, కాఫీకి రెండింతలు అమ్ముడవుతుంది, రెండో, మూడో దుకాణాలు మొదటి దానికి రెండింతల పెద్దవి’ అంటోంది. రెండో పొర ఆ మాటకు సవరణ: మొదటి దుకాణంలో కాఫీ అనుకున్నదాని కన్నా నాలుగు కప్పులు తక్కువ, మూడో దాంట్లో నాలుగు ఎక్కువ. సవరణ పొరలో రుణ సంఖ్యలు ఉండటం సహజం. రుణ కప్పులు ఎవరూ అమ్మలేదు కదా అని కంగారు పడనక్కర్లేదు.

అపోహ: 99 శాతం నిలిచింది కాబట్టి ప్రతి గడీ 99 శాతం సరైనదే.

విద్యార్థుల ప్రాజెక్టుల్లో ఎక్కువ నష్టం చేసేది ఈ అపోహే. మన పట్టికలో మొత్తం వర్గాల మొత్తం 4545. అందులో మొదటి పొర వాటా 4500, అంటే 99.01 శాతం. ఇప్పుడు మొదటి దుకాణం కాఫీ గడి చూడండి. అసలు 6, ర్యాంక్ 1 చెప్పేది 10. మూడింట రెండు వంతుల తప్పు! ఆ శాతం మొత్తం పట్టికకు కట్టినది. పెద్ద అంకెల గడులే దాన్ని నడిపిస్తాయి, చిన్న గడి ఎంత చెడినా అందులో కనబడదు. మీ పనికి చిన్న గడులు ముఖ్యమైతే తప్పును గడి గడికీ విడిగా చూడాలి.

ఇదే శాతం ఇంకో రకంగానూ మోసం చేస్తుంది. ప్రతి గడికీ 1000 కలిపి చూడండి. ఇప్పుడు మొదటి పొర వాటా 99.999 శాతం దాటుతుంది. అయినా అందులో దాదాపు అంతా ‘అన్నీ వెయ్యి దరిదాపుల్లో ఉన్నాయి’ అనే సంగతే. దుకాణాల మధ్య తేడా, టీకీ కాఫీకీ తేడా, అన్నీ కలిపినా వర్గాల మొత్తంలో 0.02 శాతం కూడా ఉండవు. ఉష్ణోగ్రతలు, ధరలు, మార్కుల వంటి దత్తాంశంలో ఇది మామూలే. తేడాలే మీకు కావాలంటే ముందు ప్రతి నిలువు వరుస నుంచి దాని సగటును తీసేసి, ఆ తర్వాత ఎస్‌వీడీ చేయండి.

అపోహ: ర్యాంక్ తగ్గిస్తే ఫైలు తప్పకుండా చిన్నదవుతుంది.

600 × 800 నలుపు-తెలుపు చిత్రంలో 4,80,000 అంకెలు ఉంటాయి. ఒక్కో పొరకు 600 + 800 + 1 = 1401 అంకెలు దాచాలి. 50 పొరలైతే 70,050. బాగానే ఉంది. కానీ 343వ పొర దగ్గరికి వచ్చేసరికి అసలు చిత్రం కన్నా ఎక్కువ అంకెలు అవుతాయి. మరో సంగతిని చాలామంది మరచిపోతారు: చిత్రంలోని ఒక్కో పిక్సెల్‌కు ఒక బైటు చాలు, సదిశల్లోని దశాంశ సంఖ్యకు సాధారణంగా నాలుగు బైట్లు కావాలి. అలా లెక్కిస్తే లాభం 85 పొరల దాకానే. సన్నని గీతలు, అక్షరాలు ఉన్న చిత్రాలకు అంతకన్నా ఎక్కువ పొరలు అవసరం పడవచ్చు. జేపెగ్ ఎస్‌వీడీని వాడదు. అది 8 × 8 గళ్లకు ముందే నిర్ణయించిన కొసైన్ నమూనాలను వాడుతుంది కాబట్టి ఆ నమూనాలను ప్రతి ఫైల్లోనూ దాచాల్సిన పని లేదు.

అపోహ: ఖాళీ గడుల్లో సున్నా పెట్టి ఎస్‌వీడీ నడిపితే అసలు విలువలు బయటపడతాయి.

మూడో దుకాణం కాఫీ లెక్క రాసుకోలేదనుకుందాం. 24 ఉండాల్సిన చోట 0 పెట్టి ర్యాంక్ 1 తీస్తే ఆ గడికి వచ్చేది దాదాపు 9. అంతకన్నా ఘోరం, మొత్తం పట్టిక నిష్పత్తి 2:1 నుంచి దాదాపు 4:1 కి జరిగిపోతుంది. ఎస్‌వీడీకి ‘తెలియదు’ అనేది తెలియదు. సున్నా అంటే సున్నా కప్పులు అమ్మారనే అర్థం చేసుకుంటుంది.

సరైన దారి: ఖాళీలో ఆ నిలువు వరుస సగటు (12) పెట్టండి, ర్యాంక్ 1 తీయండి, ఆ గడికి వచ్చిన విలువను ఖాళీలో మాత్రమే తిరిగి పెట్టండి, తెలిసిన గడులను ముట్టుకోకండి. విలువ కదలడం ఆగేదాకా ఇలాగే చేస్తే 15.3 దగ్గర నిలుస్తుంది. అది కూడా 24 కాదు. మూడో దుకాణానికి కాఫీ మీద ఉన్న మక్కువకు ఏకైక సాక్ష్యం ఆ పోయిన గడే. మిగతా ఐదు గడుల్లో లేని విషయాన్ని ఏ పద్ధతీ తేలేదు.

2006లో మొదలైన నెట్‌ఫ్లిక్స్ పోటీలో సుమారు 4.8 లక్షల మంది, 17,770 సినిమాలకు ఇచ్చిన దాదాపు 10 కోట్ల రేటింగులు ఉన్నాయి. అంటే పట్టికలో దాదాపు 99 శాతం ఖాళీయే. అక్కడ ‘ఎస్‌వీడీ’ పేరుతో ప్రసిద్ధమైన పద్ధతులు పూర్తి పట్టికను విడదీయలేదు. తెలిసిన గడుల మీది తప్పును మాత్రమే తగ్గిస్తూ సదిశలను వెతికాయి.

అపోహ: లైబ్రరీ ఇచ్చింది పుస్తకంలోని జవాబుతో కలవకపోతే కోడ్ తప్పు.

```python
import numpy as np
A = np.array([[22, 6], [41, 18], [38, 24]], dtype=float)
U, s, Vt = np.linalg.svd(A, full_matrices=False)
k = 1
Ak = (U[:, :k] * s[:k]) @ Vt[:k, :]
print(s)
print(Ak)
```

`s` లో 67.08, 6.71 కనిపిస్తాయి. `Ak` లో 20, 10, 40, 20, 40, 20 వస్తాయి. `U`, `Vt` లలో గుర్తులు మీరు కట్టినదానికి వ్యతిరేకంగా ఉండొచ్చు. ఒక పొరలోని రెండు సదిశల గుర్తులనూ ఒకేసారి మారిస్తే వాటి లబ్ధం మారదు, కాబట్టి రెండూ సరైనవే. సరిచూడాల్సింది `Ak` ని.

నిజంగా తప్పు జరిగే చోట్లు రెండు. మొదటిది, `svd` ఇచ్చే మూడింటిలో చివరిది V కాదు, దాని ట్రాన్స్‌పోజ్. మళ్లీ తిప్పి గుణిస్తే చతురస్ర మాత్రికల్లో దోష సందేశం కూడా రాదు, జవాబు మాత్రం చెడిపోతుంది. రెండోది `full_matrices`. అది రాయకపోతే నంపై U ని పూర్తి చతురస్రంగా కడుతుంది. లక్ష అడ్డు వరుసలూ 50 నిలువు వరుసలూ ఉన్న పట్టికకు అది వెయ్యి కోట్ల అంకెలు, అంటే 80 జీబీ మెమరీ. `False` అని రాస్తే అదే U 40 ఎంబీలో సరిపోతుంది.