వెబినార్ పాఠంలోంచి ప్రశ్నలు ఏరడం

శిక్షణ వెబినార్ అయిపోయాక దాని ట్రాన్‌స్క్రిప్ట్‌ను ఫైలుగా మార్చి కొత్తగా చేరినవాళ్లకు పంపడం చాలాచోట్ల మామూలే. వాళ్లు దాన్ని ఒకటికి రెండుసార్లు చదువుతారు. రెండోసారి చదువుతుంటే అంతా తెలిసినట్టే అనిపిస్తుంది. చిక్కు అక్కడే ఉంది. కళ్ల ముందు ఉన్న మాటను గుర్తుపట్టడం వేరు, ఫైలు మూసేసిన తర్వాత దాన్ని మనసులోంచి బయటికి తీయడం వేరు.

2006లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ యూనివర్సిటీలో హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ ఈ తేడాను కొలిచారు. విద్యార్థులకు చిన్న పాఠాలు ఇచ్చి చదివించారు. తర్వాత కొన్నింటిని మళ్లీ చదవమన్నారు, కొన్నింటిని చూడకుండా గుర్తున్నదంతా రాయమన్నారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే మళ్లీ చదివినవే బాగా గుర్తున్నాయి: 81 శాతం, చూడకుండా రాసినవి 75 శాతం. వారం తర్వాత లెక్క తిరగబడింది. మళ్లీ చదివినవి 42 శాతానికి పడిపోయాయి, చూడకుండా రాసినవి 56 శాతం దగ్గర నిలిచాయి. కొత్త ఉద్యోగికి అసలు పని మొదలయ్యేది ఆ వారం తర్వాతే కాబట్టి, ఫైలుతో పాటు ప్రశ్నలూ ఇవ్వాలి.

అయితే ట్రాన్‌స్క్రిప్ట్‌లోంచి ప్రశ్న తీయడం పాఠ్యపుస్తకంలోంచి తీసినంత తేలిక కాదు. పుస్తకంలో వాక్యం సరిచూసి రాసింది. ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఉన్నది నోటి మాట. మనిషి మాట్లాడుతూ మాట్లాడుతూ తన మాటను తానే దిద్దుకుంటాడు, స్లైడ్ చూపిస్తూ ‘ఇది ఇలా ఉండాలి’ అంటాడు, ముందు ఉజ్జాయింపుగా చెప్పింది చివర్లో కచ్చితంగా చెబుతాడు. ఒక ఉదాహరణ తీసుకుందాం. టీకాలను నిల్వ కేంద్రం నుంచి బయటికి పంపే సిబ్బందికి శిక్షణ. పన్నెండో నిమిషంలో ఇలా ఉందనుకోండి:

‘ఆ... ఐస్ ప్యాక్‌ల విషయానికొస్తే, ఫ్రీజర్‌లోంచి తీసి డైరెక్ట్‌గా బాక్సులో పెట్టేయకండి. ఓ అరగంట బయట ఉంచండి. ఇదిగో, ఇలా అవ్వాలి. లేకపోతే పక్కనున్న వయల్స్ గడ్డకట్టేస్తాయి. హెపటైటిస్ బి, పెంటావలెంట్, ఇవి ముఖ్యంగా.’

తొందరలో ఉన్నవాళ్లు ఇందులో ఒక మాట పట్టుకుని ప్రశ్న చేసేస్తారు: ‘ఐస్ ప్యాక్‌ను ఎంతసేపు బయట ఉంచాలి?’ జవాబు: ‘అరగంట.’ చూడటానికి చక్కగానే ఉంది. ఇప్పుడు యాభై రెండో నిమిషానికి, అంటే చివర్లో శ్రోతలు సందేహాలు అడిగే చోటికి వెళ్దాం. ఒకరు అడిగారు: ‘సార్, మా గది బాగా చల్లగా ఉంటుంది. అరగంటైనా ప్యాక్ రాయిలాగే ఉంది. పెట్టేయొచ్చా?’ జవాబు: ‘పెట్టొద్దండీ. టైమ్ లెక్క కాదు. ఊపి చూడండి, లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినపడాలి. అప్పుడే.’

మన మొదటి ప్రశ్న ఇక్కడ కూలిపోయింది. గది వేడిని బట్టి ఆ సమయం మారుతుంది. ‘అరగంట’ అని బట్టీపట్టినవాడు చల్లటి రోజున గడ్డకట్టిన ప్యాక్‌నే పెట్టెలో పెడతాడు. హెపటైటిస్ బి, పెంటావలెంట్ టీకాల్లో అల్యూమినియం లవణం ఉంటుంది. ఒకసారి గడ్డకడితే దాని నిర్మాణం చెదిరి టీకా బలం తగ్గుతుంది, కరిగించినా ఆ బలం తిరిగి రాదు. ఒకసారి గడ్డకట్టిందన్న సంగతి సీసా మీద రాసి ఉండదు. తప్పు జవాబు నేర్పే ప్రశ్న కంటే అసలు ప్రశ్న లేకపోవడమే నయం.

అందుకే నేను ట్రాన్‌స్క్రిప్ట్‌ను చివరి నుంచి చదవడం మొదలుపెడతాను. సందేహాల భాగంలో జనం నిజంగా ఎక్కడ తడబడతారో వాళ్ల నోటితోనే చెబుతారు. ఒక్కో సందేహానికీ అదే విషయం ముందు ఎక్కడ వచ్చిందో వెతికి, రెండు చోట్లనూ పక్కపక్కన పెట్టుకుంటాను. ఆ తర్వాత వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ విషయంలో కొత్తవాడు తన చేతులతో ఏ నిర్ణయం తీసుకోవాలి? పై ఉదాహరణలో ఆ నిర్ణయం ‘ఈ ప్యాక్ ఇప్పుడు పెట్టొచ్చా, ఆగాలా?’ అన్నది. దాని నుంచి మూడు ప్రశ్నలు వస్తాయి.

ప్రశ్న: ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాక్ టీకాల పెట్టెలో పెట్టడానికి సిద్ధమైందని ఎలా తెలుస్తుంది?
జవాబు: ఊపితే లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినిపిస్తుంది.

ప్రశ్న: ప్యాక్‌లు బయటపెట్టి అరగంటైంది. ఊపితే చప్పుడు లేదు. బండి బయట సిద్ధంగా ఉంది. ఏం చేస్తారు?
జవాబు: పెట్టను, చప్పుడు వచ్చేదాకా ఆగుతాను.

ప్రశ్న: పూర్తిగా గడ్డకట్టిన ప్యాక్ పక్కన హెపటైటిస్ బి టీకా పెడితే ఏమవుతుంది?
జవాబు: టీకా గడ్డకట్టి బలం కోల్పోవచ్చు, కరిగించినా బలం తిరిగి రాదు.

రెండో ప్రశ్నలో బండిని కావాలనే నిలబెట్టాను. తొందర పెట్టేది ఏదీ లేకపోతే ఎవరైనా ‘ఆగుతాను’ అనే అంటారు. నిజమైన పనిలో మనిషిని తప్పు వైపు నెట్టేది ఏదో దాన్ని ప్రశ్నలోకి తేవాలి. ‘ఏ టీకాలు, ఎందుకు, ఏం చేయాలి’ అని మూడు విషయాలను ఒకే ప్రశ్నలో కుక్కకూడదు. అలా కుక్కితే సగం తెలిసినవాడు తనకు ఎన్ని మార్కులు వేసుకోవాలో తేల్చుకోలేడు. జవాబు కూడా ఒక వాక్యం దాటకూడదు. ఇక్కడ తన జవాబు దిద్దుకునేది కొత్తవాడు తనే. జవాబు పేరా పొడుగుంటే దాన్ని చదువుతూ ‘ఆ, నేనూ ఇదే అనుకున్నా’ అని సర్దిచెప్పుకోవడం చాలా సులువు. కాబట్టి ముందు తన జవాబు కాగితం మీద రాసి, ఆ తర్వాతే అసలు జవాబు తెరవమని చెప్పాలి.

మరో ప్రమాదం ట్రాన్‌స్క్రిప్ట్‌లోనే దాగి ఉంటుంది. మాటను యంత్రం అక్షరాల్లోకి మార్చేటప్పుడు ఫిఫ్టీన్ ఫిఫ్టీ అయిపోవచ్చు. తెలుగులో ఇంకా పెద్ద భయం ఉంది. ‘పెట్టొచ్చు’, ‘పెట్టొద్దు’ మధ్య తేడా ఒక్క శబ్దమే, అర్థం మాత్రం పూర్తిగా ఎదురు. జవాబులోకి అంకె వచ్చినా, ఒచ్చు, ఒద్దు వచ్చినా ఆ నిమిషానికి వెళ్లి చెవితో విని తీరాలి. ప్రతి జవాబు పక్కన ‘12వ నిమిషం, 52వ నిమిషం’ అని రాసి ఉంచితే తర్వాత ఎవరికి సందేహం వచ్చినా నేరుగా అక్కడికే వెళ్తారు. నేను ఈ పని మొదలుపెట్టినప్పుడు నిమిషాలు రాయలేదు. ఒక జవాబు మీద వాదన వస్తే గంట రికార్డింగ్ మొత్తం మళ్లీ వినాల్సి వచ్చింది.

ప్రశ్నలు సిద్ధమయ్యాక ఇద్దరికి ఇస్తాను. ఒకరు ఆ వెబినార్ చూడనివాళ్లు, ఆ పని తెలియనివాళ్లు. వాళ్లు కూడా టకటకా సరైన జవాబు చెప్పేస్తుంటే ప్రశ్నలోనే జవాబు బయటపడిపోతోందని అర్థం. రెండోవారు ఏళ్ల తరబడి ఆ పని చేస్తున్నవాళ్లు. వాళ్ల జవాబు మన జవాబుతో కలవకపోతే ప్రశ్నకు రెండు అర్థాలైనా ఉండాలి, వెబినార్‌లో చెప్పిందే తప్పైనా కావాలి. అప్పుడు నియమావళి తెరిచి చూడాల్సిందే. దానికి తీర్పు చెప్పడం ట్రాన్‌స్క్రిప్ట్ వల్ల కాదు.

ఈ ప్రశ్నలు వెబినార్ అయిన వెంటనే ఇవ్వకండి. రెండు రోజులాగి ఒకసారి, వారం తర్వాత మరోసారి ఇవ్వండి. ఊపినప్పుడు వినపడాల్సిన చప్పుడు ఎలా ఉంటుందో మాత్రం ఏ ప్రశ్నా చెప్పలేదు. దానికి ఆ వారంలోనే ఎవరైనా ఒక ప్యాక్ తీసుకొచ్చి కొత్తవాళ్ల చేతిలో పెట్టాలి.