స్టాప్ బటన్ తీగ తెగితే మోటారు ఆగిపోవాలి

రైసు మిల్లులో ధాన్యాన్ని కింది గుంత నుంచి పై అంతస్తుకు చేర్చే బకెట్ ఎలివేటరును తిప్పే మోటారుకు సాధారణంగా రెండు బటన్లు ఉంటాయి. ఆకుపచ్చ బటన్ నొక్కితే మోటారు తిరగడం మొదలవుతుంది, ఎరుపు బటన్ నొక్కితే ఆగుతుంది. ఈ రెండూ వేలు తీయగానే స్ప్రింగు బలంతో యథాస్థానానికి వచ్చేసే బటన్లే. అంటే ఆకుపచ్చ బటన్ ఇచ్చే సంకేతం అర సెకను కూడా నిలవకపోవచ్చు, మోటారు మాత్రం గంటల తరబడి తిరగాలి. ఆ క్షణికమైన ఆదేశాన్ని గుర్తుంచుకునే ఏర్పాటునే సీల్-ఇన్ సర్క్యూట్ అంటారు. ప్యానెల్ కట్టే ఎలక్ట్రీషియన్లు హోల్డింగ్ అని కూడా అంటారు.

యంత్రాలను ప్రోగ్రాము ప్రకారం నడిపే పారిశ్రామిక కంప్యూటర్లైన పీఎల్‌సీలు రాకముందు, ఈ పనిని మోటారుకు కరెంటు కలిపి తెంచే విద్యుదయస్కాంత స్విచ్ అయిన కాంటాక్టరే స్వయంగా చేసేది. కాంటాక్టరు కాయిల్‌కు కరెంటు అందగానే మోటారుకు కరెంటు పంపే మూడు పెద్ద కాంటాక్టులతో పాటు, పక్కనే 13, 14 అంకెలు వేసి ఉండే చిన్న సహాయక కాంటాక్టు కూడా మూసుకుంటుంది. ఆ చిన్న కాంటాక్టును స్టార్ట్ బటన్‌కు సమాంతరంగా కలుపుతారు. బటన్ మీద నుంచి వేలు తీసేసినా కాయిల్‌కు వెళ్లే కరెంటు ఈ రెండో దారిలో ప్రవహిస్తూనే ఉంటుంది కాబట్టి కాంటాక్టరు తనను తానే పట్టి నిలుపుకుంటుంది. 1960ల చివర్లో మొదటి పీఎల్‌సీలు వచ్చినప్పుడు, రిలే డ్రాయింగులకు అలవాటుపడిన మనుషులు సులువుగా చదవగలిగేలా ఈ అమరికనే తెర మీద నిచ్చెన మెట్ల రూపంలో గీసే పద్ధతి తెచ్చారు. అదే ల్యాడర్ లాజిక్. మన ఎలివేటరు మోటారుకు అందులో ఒక్క మెట్టు చాలు.

```
|   STOP_PB     START_PB          MOTOR |
|-----| |----+-----| |-----+-------( )--|
|            |    MOTOR    |            |
|            +-----| |-----+            |
```

ఎడమ నుంచి కుడికి తెగని దారి ఒక్కటైనా ఉంటే కుడి చివరి MOTOR అనే ఔట్‌పుట్ ఒకటి అవుతుంది, లేకపోతే సున్నా అవుతుంది. పీఎల్‌సీ మొదట ఇన్‌పుట్లన్నిటినీ చదివి, తర్వాత మెట్లను వరుసగా లెక్కించి, చివరికి ఔట్‌పుట్లను మారుస్తుంది. ఈ చక్రాన్ని స్కాన్ అంటారు, సాధారణంగా కొన్ని మిల్లీసెకన్లలో అది పూర్తవుతుంది. స్టార్ట్ నొక్కిన తర్వాతి స్కాన్‌లో START_PB ఒకటి అవుతుంది, STOP_PB ముందే ఒకటిగా ఉంది, కాబట్టి MOTOR ఒకటి అవుతుంది. ఆ తర్వాతి స్కాన్‌లో కింది కొమ్మలోని MOTOR కాంటాక్టు కూడా ఒకటే కనుక, వేలు తీసి START_PB సున్నా అయినా దారి తెగదు. స్టాప్ కాంటాక్టు మాత్రం ఈ రెండు కొమ్మలకూ వెలుపల, రెండిటికీ ఉమ్మడిగా ఉంది. అందుకే రెండు బటన్లూ ఒకేసారి నొక్కినా గెలిచేది స్టాపే. దాన్ని పై కొమ్మలో స్టార్ట్ పక్కన మాత్రమే పెడితే, ఒకసారి పట్టుకున్న మోటారును ఆ బటన్ ఇక ఆపలేదు.

STOP_PB ముందే ఒకటిగా ఉంది అన్న మాట వెనకే అసలు విషయం ఉంది. ఎరుపు బటన్ లోపల ఉండేది నార్మల్లీ క్లోజ్డ్ కాంటాక్టు, అంటే ఎవరూ నొక్కనప్పుడు మూసి ఉండి, నొక్కినప్పుడు తెరుచుకునేది. 24 వోల్టుల కరెంటు ప్యానెల్ నుంచి బయలుదేరి, ఎలివేటరు దగ్గర ఉన్న బటన్ గుండా పోయి, తిరిగి పీఎల్‌సీ ఇన్‌పుట్‌కు చేరుతూ ఉంటుంది. ఆ కరెంటు అందుతున్నంతసేపు మోటారు తిరగడానికి అనుమతి ఉన్నట్టు, అందకపోతే ఆపాలన్నట్టు.

దీనికి బదులు స్టాప్‌కు కూడా, స్టార్ట్‌కు ఉన్నట్టే, నొక్కినప్పుడే మూసుకునే నార్మల్లీ ఓపెన్ కాంటాక్టు వాడి, ప్రోగ్రాములో దాని గుర్తును తిరగేసి రాసినా మోటారు సరిగ్గా ఇలాగే నడుస్తుంది. స్టార్ట్ నొక్కితే తిరుగుతుంది, స్టాప్ నొక్కితే ఆగుతుంది. అంతా బాగున్నంతకాలం రెండు ఏర్పాట్లకూ తేడా ఎవరూ కనిపెట్టలేరు, ప్రమాదం కూడా సరిగ్గా అక్కడే ఉంది. బటన్ దగ్గరికి వెళ్లే కేబుల్‌ను ఎలుక కొరికిందనుకుందాం, లేదా ఎలివేటరు అదురుకు టెర్మినల్ స్క్రూ వదులై తీగ ఊడిపోయిందనుకుందాం. నార్మల్లీ ఓపెన్ ఏర్పాటులో ఆ ఇన్‌పుట్ మామూలుగానే సున్నాలో ఉంటుంది, తీగ తెగినా సున్నాలోనే ఉంటుంది. పీఎల్‌సీకి ఏ మార్పూ తెలియదు, మోటారు తిరుగుతూనే ఉంటుంది, లోపం వారాల తరబడి దాగి ఉంటుంది. బెల్టులో ఏదో ఇరుక్కుని ఎవరో పరుగున వచ్చి ఎరుపు బటన్ నొక్కినప్పుడే అది బయటపడుతుంది. నార్మల్లీ క్లోజ్డ్ ఏర్పాటులో తీగ తెగిన మరుక్షణమే ఇన్‌పుట్ సున్నా అవుతుంది, ఎవరూ నొక్కకుండానే మోటారు ఆగుతుంది. ఆ తీగ ఇనుప ఫ్రేముకు తగిలి ఎర్త్ అయినా, కంట్రోలు సరఫరా ఒక కొసను ఎర్త్ చేసి ఉన్న ప్యానెల్‌లో ఫ్యూజు పోయి ఫలితం అదే అవుతుంది. మిల్లు కాసేపు నిలిచిపోవడం చికాకే, కానీ ఆ చికాకే లోపాన్ని అదే రోజు బయటపెట్టి బాగు చేయిస్తుంది.

రైళ్ల ఎయిర్ బ్రేకుది కూడా ఇదే తర్కం. బ్రేకు పైపులో గాలి ఒత్తిడి నిలిచి ఉన్నంతసేపే బ్రేకులు వదిలి ఉంటాయి. పెట్టెలు విడిపోయి పైపు తెగితే ఒత్తిడి పడిపోయి బ్రేకులు వాటంతట అవే పడతాయి.

కొత్తగా ప్రోగ్రాము రాసేవారు తప్పకుండా తడబడే చోటు ఒకటి ఉంది. పై మెట్టులో STOP_PB దగ్గర ఉన్నది నార్మల్లీ ఓపెన్ గుర్తు, బటన్ మాత్రం నార్మల్లీ క్లోజ్డ్. ప్రోగ్రాములోని గుర్తు బటన్ నిర్మాణాన్ని చెప్పదని గ్రహిస్తే ఈ వైరుధ్యం తొలగిపోతుంది. ఆ గుర్తు అడిగేది ఒకే ప్రశ్న: ఇన్‌పుట్‌కు ఇప్పుడు కరెంటు అందుతోందా? అందుతుంటే దారి ఇస్తుంది. అడ్డగీత ఉన్న గుర్తు దీనికి తలకిందులుగా, కరెంటు అందనప్పుడు దారి ఇస్తుంది. నార్మల్లీ క్లోజ్డ్ బటన్ నుంచి మామూలు స్థితిలో కరెంటు అందుతూనే ఉంటుంది కనుక, దానికి అడ్డగీత లేని గుర్తే సరైనది.

ఇది తెలియక బటన్ నార్మల్లీ క్లోజ్డ్ కాబట్టి గుర్తు కూడా అదే పెట్టాలనుకుంటే, స్టార్ట్ ఎంత నొక్కినా మోటారు కదలదు. విచిత్రంగా, స్టాప్‌ను నొక్కి పట్టుకుని స్టార్ట్ నొక్కితే మాత్రం తిరుగుతుంది. ఈ లక్షణం కనిపించిందంటే గుర్తు తలకిందులైందని నిశ్చయంగా చెప్పవచ్చు. దీన్ని సరిచేయడానికి రెండు దారులు కనిపిస్తాయి. ఒకటి ప్రోగ్రాములో గుర్తు మార్చడం. రెండోది బటన్ వెనకున్న కాంటాక్టు దిమ్మెను విప్పి నార్మల్లీ ఓపెన్ దిమ్మె బిగించడం. రెండో దారిలోనూ మోటారు చక్కగా నడుస్తుంది, పని అయిపోయిందని అందరూ ఇళ్లకు వెళ్తారు, తీగ తెగితే ఆగే గుణం మాత్రం ఎవరికీ తెలియకుండా పోతుంది. అందుకే ఆ ఇన్‌పుట్‌కు STOP_PB అని కాకుండా STOP_OK అని పేరు పెట్టడం మంచిదని నా అభిప్రాయం. ఒకటి అంటే అంతా సవ్యం అనే అర్థం పేరులోనే ఉంటే, తర్వాత వచ్చి చదివేవారు తడబడరు.

ఏర్పాటు సరిగా ఉందో లేదో తెలుసుకోవడానికి ప్రోగ్రాము తెరవనక్కర్లేదు. పీఎల్‌సీ మీద ప్రతి ఇన్‌పుట్‌కూ ఒక చిన్న దీపం ఉంటుంది. ఎవరూ ఏ బటనూ నొక్కనప్పుడు స్టాప్ దీపం వెలుగుతూ, స్టార్ట్ దీపం ఆరి ఉండాలి. మోటారును నడుపుతూ ప్యానెల్‌లో స్టాప్ తీగను ఊడదీసి చూడటం తిరుగులేని పరీక్ష. మోటారు ఆగకపోతే ఆ యంత్రాన్ని పనిలోకి దించకూడదు.

కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం జరుగుతుందన్నది సీల్-ఇన్‌కు సంబంధించిన మరో ముఖ్య విషయం. పాత కాంటాక్టరు ఏర్పాటులో కరెంటు పోగానే కాయిల్ వదిలేస్తుంది, సహాయక కాంటాక్టు తెరుచుకుంటుంది, కరెంటు తిరిగి వచ్చినా మళ్లీ స్టార్ట్ నొక్కేదాకా మోటారు కదలదు. తెలంగాణలో బోరుబావుల దగ్గర రైతులు పెట్టుకున్న ఆటో స్టార్టర్లు సరిగ్గా ఈ గుణాన్నే దాటవేసేవి. అర్ధరాత్రి కరెంటు వచ్చినా మోటారు దానంతటదే నడవాలన్నది రైతు అవసరం. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైనప్పుడు, భూగర్భ జలాలు వృథా కాకుండా వాటిని తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది.

పీఎల్‌సీలో ఈ గుణం దానంతటదే వస్తుందని అనుకోకూడదు. పీఎల్‌సీ యూపీఎస్ మీద ఉండి, మోటారు వైపు కరెంటు మాత్రమే పోతే, కాంటాక్టరు వదిలేసినా MOTOR అనే బిట్ ఒకటిగానే మిగులుతుంది. కరెంటు రాగానే ఎలివేటరు ఎవరూ అడగకుండానే కదులుతుంది. మోటారు మీద భారం మించితే కరెంటు తెంచే ఓవర్‌లోడ్ రిలేలోని 95, 96 అంకెల కాంటాక్టును కాయిల్‌కు వరుసలో మాత్రమే కలిపి, పీఎల్‌సీకి తెలియజేయని చోట కూడా ఇదే జరుగుతుంది. ధాన్యం కుక్కుకుని మోటారు ట్రిప్ అయ్యాక, ఒకరు కింద చెయ్యి పెట్టి శుభ్రం చేస్తుండగా ఇంకొకరు ప్యానెల్ దగ్గర ఓవర్‌లోడ్ రీసెట్ చేస్తే ఏమవుతుందో ఊహించవచ్చు. దీనికి మందు పాత ఏర్పాటులోనే ఉంది. కాంటాక్టరు సహాయక కాంటాక్టును MOTOR_FB అనే ఒక ఇన్‌పుట్‌కు తెచ్చి, మెట్టు కింది కొమ్మలో MOTOR బదులు దాన్ని వాడాలి.

```
|   STOP_OK     START_PB          MOTOR |
|-----| |----+-----| |-----+-------( )--|
|            |  MOTOR_FB   |            |
|            +-----| |-----+            |
```

ఇప్పుడు కాంటాక్టరు ఏ కారణంతో వదిలేసినా MOTOR_FB సున్నా అయి మెట్టు తెగుతుంది, మళ్లీ స్టార్ట్ నొక్కక తప్పదు. కాంటాక్టరు మూసుకోవడానికి పట్టే కొన్ని పదుల మిల్లీసెకన్ల కన్నా వేలు బటన్ మీద ఎక్కువసేపే ఉంటుంది కాబట్టి మామూలు నడకలో తేడా రాదు.

నార్మల్లీ క్లోజ్డ్ స్టాప్ కూడా కొన్ని లోపాలను పట్టుకోలేదు. కేబుల్ నలిగి, వెళ్లే తీగా వచ్చే తీగా ఒకదానికొకటి అంటుకుంటే, బటన్ నొక్కినా ఇన్‌పుట్‌కు కరెంటు అందుతూనే ఉంటుంది. కాంటాక్టరు ప్రధాన కాంటాక్టులు వేడికి అతుక్కుపోతే, కాయిల్‌కు కరెంటు ఆపినా మోటారు తిరుగుతూనే ఉంటుంది. స్టాప్ నొక్కి ఉంచి, MOTOR సున్నా అయినా MOTOR_FB ఒకటిగానే ఉంటే అనుమానించవలసింది ఈ రెండోదాన్నే. ప్రాణాపాయం ఉన్న చోట అత్యవసర స్టాప్‌ను ఈ ల్యాడర్ మెట్టుకు అప్పగించకపోవడానికి ఇవే కారణాలు. దాని కాంటాక్టులు రెండు వేర్వేరు తీగల జతలతో సేఫ్టీ రిలేకు వెళ్తాయి. ఆ రిలే వరుసగా కలిపిన రెండు కాంటాక్టర్లను విడిపిస్తుంది, వాటిలో ఒకటి అతుక్కుపోయినా రెండోది కరెంటును తెంచుతుంది. అతుక్కుపోయిన దాని సహాయక కాంటాక్టు ఇచ్చే సంకేతాన్ని చూసి, అది మార్చేదాకా సేఫ్టీ రిలే మళ్లీ రీసెట్ కాదు.