స్టాకు లిస్టు మళ్లీ పంపమని సప్లయర్‌కి రాసే మెయిల్: అపోహలు - వాస్తవాలు

మందుల హోల్‌సేల్‌లో పర్చేజ్ చూస్తాను. సప్లయర్ పంపిన స్టాకు లిస్టు మా సాఫ్ట్‌వేర్ తీసుకోకపోతే, నొచ్చుకోకుండా మళ్లీ పంపమని అడగాల్సింది నేనే.

అపోహ: "ఫార్మాట్ సరిగా లేదండి, కాస్త సరిచేసి పంపగలరు" అంటే చాలు, అంతకంటే చెబితే బాగోదు.

మర్యాదగానే ఉంది, కానీ అవతల కూర్చున్న అబ్బాయికి ఏం మార్చాలో అందులో ఎక్కడుంది? నేను అలాగే రాస్తే ఒకసారి హెడ్డింగులకు పసుపు రంగు వేసి అదే ఫైలు తిరిగి పంపారు. తప్పు నాదే. ఇప్పుడు ఇలా రాస్తున్నా:

"నమస్కారం అండి. లిస్టు అందింది, థాంక్స్. బ్యాచ్ నంబర్లు కొన్ని మారిపోవడంతో అప్‌లోడ్ కాలేదు. శ్రమ అనుకోకుండా కింది వరసలోనే మళ్లీ పంపగలరా? మొదటి రోలో హెడ్డింగులు, రెండో రో నుంచి సరుకు ఉండాలి. పైన కంపెనీ పేరు, కింద టోటల్ వద్దండి."

దాని కిందే నమూనా రో:

```
ITEM_CODE  BATCH_NO  EXPIRY   QTY  MRP
00417      12E5      2027-08  36   48.50
```

అపోహ: కాలమ్ పేర్లు ఇస్తే మిగతాది వాళ్లకే అర్థమవుతుంది.

అసలు గొడవంతా పేర్ల కింద ఉండేదాంతోనే. మామూలు సెల్‌లో 00417 కొడితే ఎక్సెల్ ముందు సున్నాలు తీసేసి 417 చేస్తుంది, 12E5 అనే బ్యాచ్‌ని పన్నెండు లక్షలనుకుని 1.20E+06 అని చూపిస్తుంది, 2027-08ని తేదీగా మార్చేస్తుంది. తర్వాత ఫార్మాట్ Text కి మార్చినా పోయిన సున్నాలు తిరిగి రావు. అందుకే మెయిల్‌లో ఇంకో వాక్యం: "మొదటి మూడు కాలమ్స్‌ని డేటా వేయకముందే Text చేయండి, ఫైలు .xlsx గానే పంపండి." CSVలో ఆ టెక్స్ట్ గుర్తు నిలవదు, ఎవరైనా ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేస్తే మళ్లీ మొదటికే.

QTY అంటే స్ట్రిప్పులా, బాక్సులా, మాత్రలా అన్నదీ రాయాలి. మాకు స్ట్రిప్పులే. పది మాత్రల స్ట్రిప్పులు 36 ఉంటే కొందరు 360 అని పంపుతారు, వాళ్ల లెక్కలో అదీ కరెక్టే మరి.

అపోహ: తప్పున్న రోలు మాత్రమే పంపమంటే వాళ్లకు పని తగ్గుతుంది.

తగ్గుతుంది, మనకి పెరుగుతుంది. మా సాఫ్ట్‌వేర్ కొత్త ఫైలునే పూర్తి లిస్టుగా తీసుకుని, అందులో లేని ఐటమ్స్‌కి స్టాకు సున్నా పెడుతుంది. తొమ్మిది రోల ఫైలు ఎక్కించి మధ్యాహ్నమంతా "స్టాకు లేదా సార్?" అన్న ఫోన్లకు సమాధానం చెప్పిన అనుభవం ఉంది. అందుకే "సరిచేసినవే కాకుండా మొత్తం లిస్టు పంపండి, ఫైలు పేరు చివర V2 అని పెట్టండి" అని అడుగుతున్నా.

ఫైలు రాగానే అప్‌లోడ్ చేసేయకండి, ముందు బ్యాచ్ కాలమ్ పైనుంచి కిందికి చూడండి. వాళ్లు అలైన్‌మెంట్ మార్చకపోతే టెక్స్ట్‌గా ఉన్నవి సెల్‌లో ఎడమవైపు, అంకెగా మారిపోయినవి కుడివైపు ఉంటాయి.