క్లెయిమ్ తిరస్కరణ లేఖ: కొత్త ఏజెంట్ల అపోహలు, అసలు వాస్తవాలు

ఒక ఇంటి బీమా క్లెయిమ్‌ని ముందు పెట్టుకుని మాట్లాడుకుందాం. వంటగది సింకు కింద పైపు జాయింటు నుంచి నీళ్లు కారి, దాని చుట్టూ ఉన్న చెక్క అల్మరా పాడైంది. జూన్ 11 రాత్రి అదే జాయింటు పూర్తిగా ఊడిపోయింది. నీళ్లు పక్క గదిలోకి పారి, అక్కడి చెక్క ఫ్లోరింగ్ ఉబ్బిపోయింది. పాలసీదారు జూన్ 12న క్లెయిమ్ పెట్టారు. సర్వేయర్ జూన్ 16న ఇల్లు చూశారు.

హఠాత్తుగా, అనుకోకుండా పైపుల నుంచి బయటికొచ్చిన నీటి వల్ల కలిగే నష్టానికి పాలసీలో రక్షణ ఉంది. మినహాయింపుల్లో 4.2 నిబంధన మాత్రం ఇలా ఉంది అనుకోండి: “14 రోజులు లేదా అంతకు మించి నిరంతరంగా గాని, మళ్లీ మళ్లీ గాని నీరు కారడం వల్ల కలిగిన నష్టానికి ఈ పాలసీ వర్తించదు. అయితే గోడల లోపల లేదా నేల కింద ఉండి, పాలసీదారుకు తెలిసే అవకాశం లేని లీకేజీకి ఈ మినహాయింపు వర్తించదు.”

అల్మరాకి పరిహారం రాదని ఫైలు చూస్తే తెలుస్తోంది. ఆ మాటని లేఖలో పెట్టేటప్పుడే కొత్తవాళ్లు పొరపాట్లు చేస్తారు.

అపోహ: నిబంధన నంబరు రాస్తే కారణం చెప్పినట్టే.

వాస్తవం: “మీ క్లెయిమ్ 4.2 నిబంధన కింద తిరస్కరించబడింది” అన్న వాక్యంలో కారణం లేదు, చిరునామా మాత్రమే ఉంది. చదివే మనిషి పాలసీ పుస్తకం వెతికి, ఆ పేజీ తీసి, తన ఇంట్లో జరిగినదానికీ ఆ వాక్యానికీ సంబంధం ఏమిటో తనే ఊహించుకోవాలి. ఆ పని లేఖ చేసిపెట్టాలి.

కారణం అంటే మూడు ముక్కలు. నిబంధనలోని మాటలు ఉన్నవున్నట్టుగా, ఫైలులో ఉన్న వాస్తవం అది ఎక్కడిదో చెబుతూ, ఆ రెండూ ఎక్కడ కలుస్తున్నాయో చెప్పే ఒక వాక్యం. చాలా లేఖల్లో మూడోది ఉండదు. రాసేవాళ్లకి అది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది కాబట్టి విడిగా రాయాలని తోచదు.

నిబంధనని సొంత మాటల్లోకి మార్చకండి, సగం కోసి పెట్టకండి. పై ఉదాహరణలో రెండో వాక్యం వదిలేసి మొదటిదే లేఖలో పెడితే పాలసీదారుని తప్పుదారి పట్టించినట్టే. మినహాయింపుకే ఒక మినహాయింపు ఉన్నప్పుడు దాన్నీ రాయాలి, అది ఈ కేసుకు ఎందుకు వర్తించదో కూడా చెప్పాలి. ఇక్కడ జాయింటు గోడ లోపల లేదు, అల్మరా తలుపు తీస్తే కనిపించే చోటే ఉంది. ఆ ఒక్క వాక్యం లేకపోతే అప్పీలులో మొదట వచ్చే ప్రశ్న అదే.

ఇక వాస్తవాల సంగతి. సర్వేయర్ నివేదికలో నాలుగు విషయాలు ఉన్నాయనుకుందాం: అల్మరాలో బూజు, జాయింటు చుట్టూ గట్టిపడిన తెల్లటి ఉప్పు పొర, వెనక గోడ మీద ఒకదానిలో ఒకటి వలయాల్లా నీటి మరకలు, వేలితో నొక్కితే పొడిగా రాలేంత పుచ్చిన అడుగు చెక్క. కొత్తవాళ్లు మొదట పట్టుకునేది బూజునే. కానీ తడిసిన చెక్క మీద బూజు ఒకటి రెండు రోజుల్లోనే మొదలవగలదు. పైపు ఊడిన ఐదో రోజున సర్వేయర్ చూశారు, కాబట్టి ఆ బూజు 11వ తేదీ రాత్రి నీళ్ల వల్లే వచ్చి ఉండొచ్చు. లేఖ బూజు మీద నిలబడితే ఆ ఒక్క మాటతో కూలిపోతుంది. ఉప్పు పొర అలా కాదు. నీళ్లు కారడం, ఆరడం చాలాసార్లు జరిగితేనే అంత గట్టి పొర కడుతుంది. వలయాల మరకలూ అదే చెబుతాయి. చెక్క అంతగా పుచ్చడానికి ఐదు రోజులు చాలవు. లేఖలో నిలవాల్సినవి ఈ మూడే.

ఇక్కడ ఇంకో మెలకువ ఉంది. “నీళ్లు హఠాత్తుగా కారాయని మీరు రుజువు చేయలేకపోయారు” అని రాయకండి. మినహాయింపు వర్తిస్తుందని చూపే బాధ్యత సాధారణంగా కంపెనీది. నష్టం రక్షణ పరిధిలోకి వస్తుందని చూపడం వరకే పాలసీదారు పని. ఆ బరువు ఎవరిదో లేఖలో తారుమారు చేస్తే, నిర్ణయం సరైనదైనా లేఖ అన్యాయంగా ఉంటుంది. అలాగే నిబంధనని రెండు రకాలుగా చదవడానికి వీలుంటే, రాసుకున్న కంపెనీకి కాక పాలసీదారుకి అనుకూలమైన అర్థమే తీసుకోవడం బీమా చట్టంలో పాత సూత్రం. అలాంటి సందేహం ఉంటే లేఖ మొదలుపెట్టకుండా ఫైలుని పై అధికారికి పంపాలి.

అపోహ: ఎన్ని కారణాలు చూపితే లేఖకు అంత బలం.

వాస్తవం: అల్మరా విషయంలో “నష్టాన్ని ఆలస్యంగా తెలియజేశారు” అని కూడా చేర్చాలని కొందరికి అనిపిస్తుంది. పైపు ఊడింది 11 రాత్రి, క్లెయిమ్ వచ్చింది 12న. అది ఆలస్యం కాదు. బలహీనమైన కారణం ఒకటి చేరిందంటే, గట్టి కారణాన్ని కూడా అదే చూపుతో చూస్తారు. ‘ఎలాగైనా ఎగ్గొట్టాలని చూశారు’ అన్న అనుమానం అక్కడే పుడుతుంది.

అలాగని నిజంగా వర్తించే కారణాన్ని దాచుకుని, రేపు అప్పీలులో బయటికి తీద్దామనుకోవడమూ తప్పే. లేఖలో లేని కారణాన్ని తర్వాత ఎత్తుకోవడానికి చాలా చోట్ల న్యాయస్థానాలు ఒప్పుకోవు. ఒప్పుకున్నా, పాలసీదారు మొదటి కారణానికి జవాబు సిద్ధం చేసుకున్నాక రెండోది ముందు పెట్టడం న్యాయం కాదు. ఫైలులో ఆధారం ఉన్న ప్రతి కారణమూ మొదటి లేఖలోనే ఉండాలి, ఆధారం లేనిది ఒక్కటీ ఉండకూడదు.

అపోహ: చెడు కబురు మెల్లగా, చివర్లో చెప్పాలి.

వాస్తవం: మూడు పేరాలు పాలసీ వివరాలూ కృతజ్ఞతలూ చదివాక నాలుగో పేరాలో “కాదు” కనబడితే, ఆ ముందున్న మర్యాదంతా నటనలా తోస్తుంది. నిర్ణయం మొదటి రెండు మూడు వాక్యాల్లో ఉండాలి. ఏది ఇవ్వడం లేదో ఎంత స్పష్టంగా రాస్తారో, ఏది ఇస్తున్నారో కూడా అంతే స్పష్టంగా అక్కడే రాయాలి. ఈ కేసులో పక్క గది ఫ్లోరింగ్ 11వ తేదీ రాత్రి హఠాత్తుగా పారిన నీళ్ల వల్లే పాడైంది, దానికి పరిహారం ఇవ్వాలి. రెండు నష్టాలకీ మూలం ఒకే జాయింటు కదా అని మొత్తం క్లెయిమ్‌ని ఒకే గాటన కట్టి తిరస్కరించడం కొత్తవాళ్లు చేసే తప్పుల్లో అన్నిటికంటే పెద్దది. నష్టాన్ని వస్తువు వస్తువుగా విడదీసి, ప్రతిదానికీ కారణం ఏమిటో చూసుకున్నాకే రాయడం మొదలుపెట్టాలి.

మొదలు ఇలా ఉండొచ్చు:

“జూన్ 12న మీరు పెట్టిన క్లెయిమ్‌ని పరిశీలించాం. పక్క గది ఫ్లోరింగ్‌కు జరిగిన నష్టానికి పరిహారం చెల్లిస్తాం. వంటగది అల్మరాకు జరిగిన నష్టానికి మాత్రం ఈ పాలసీ కింద పరిహారం చెల్లించలేం. కారణం కింద వివరిస్తున్నాం.”

దాని తర్వాత వరసగా: మేము ఏమేం చూశాం (మీరు పంపిన ఫోటోలు, ప్లంబర్ బిల్లు, జూన్ 16 నాటి సర్వేయర్ నివేదిక), నిబంధన పూర్తి పాఠం, అది మీ విషయంలో ఎలా వర్తిస్తుంది, నిర్ణయంతో ఏకీభవించకపోతే ఏం చేయాలి. చూసిన పత్రాల జాబితాని చిన్నచూపు చూడకండి. తను పంపినదాంట్లో మనకు చేరనిది ఏదైనా ఉంటే పాలసీదారుకి తెలిసేది అక్కడే. కొన్ని వివాదాలు ఆ ఒక్క పేరా దగ్గరే తీరిపోతాయి.

మూడు ముక్కలూ కలిసిన అసలు పేరా ఇలా ఉంటుంది:

“జాయింటు చుట్టూ గట్టి ఉప్పు పొర, గోడ మీద వలయాలుగా నీటి మరకలు ఉన్నాయని, అల్మరా అడుగు చెక్క పుచ్చిపోయిందని సర్వేయర్ నమోదు చేశారు. ఇవి ఏర్పడాలంటే నీరు కొన్ని వారాల పాటు కారి ఉండాలని నివేదిక చెబుతోంది. అంటే ఇది 4.2లో చెప్పిన ‘14 రోజులు లేదా అంతకు మించి’ నీరు కారడమే. జాయింటు అల్మరా లోపల కనిపించే చోటే ఉంది కాబట్టి, దాగి ఉన్న లీకేజీలకు 4.2లో ఇచ్చిన వెసులుబాటు ఇక్కడ వర్తించదు. అందువల్ల అల్మరా నష్టం 4.2 నిబంధన పరిధిలోకి వస్తుంది.”

అపోహ: సానుభూతి చూపితే బాధ్యత ఒప్పుకున్నట్టే.

వాస్తవం: “ఇల్లు ఇలా పాడవడం ఎంత ఇబ్బందో అర్థం చేసుకోగలం” అన్న వాక్యం చెల్లింపు హామీ కాదు. ఒక్కసారి, ఒకే వాక్యంలో చెప్పండి. ప్రతి పేరాలో “చింతిస్తున్నాం” అంటే మాట విలువ పోతుంది.

స్వరాన్ని అసలు పాడుచేసేవి చిన్న చిన్న మాటలు. “మీరు ఆరోపిస్తున్న నష్టం” అనకండి, “మీరు తెలియజేసిన నష్టం” చాలు. “మీ నిర్లక్ష్యం వల్ల” అనకండి. 4.2లో నిర్లక్ష్యం అన్న మాటే లేదు, అది నీళ్లు ఎన్నాళ్లు కారాయన్నదే అడుగుతోంది. నిబంధన అడగని తప్పుని లేఖ మోపకూడదు. “దాచిపెట్టారు”, “తప్పుడు క్లెయిమ్” లాంటి మాటలు, విచారణ జరిగి ఆధారాలు ఫైలులో ఉంటే తప్ప కలం దాటకూడదు. “పరిగణనలోకి తీసుకోబడలేదు” వంటి వాక్యాల్లో నిర్ణయం ఎవరు తీసుకున్నారో తెలియదు. “మేము చెల్లించలేం” అనండి. నిర్ణయం మీ సంస్థది, దాని బరువు మీ వాక్యమే మోయాలి.

అపోహ: పత్రాలు రాకపోతే తిరస్కరణ లేఖ పంపేయొచ్చు.

వాస్తవం: పత్రం రాని క్లెయిమ్ పెండింగ్‌లో ఉన్నట్టు, తేలిపోయినట్టు కాదు. ఏ పత్రం కావాలో, ఎందుకు కావాలో, ఎప్పటిలోగా కావాలో అడిగే లేఖ వేరు. గడువు దాటి క్లెయిమ్ మూసేయాల్సి వచ్చినా, “పత్రం అందనందున మూసివేశాం, అందితే తిరిగి తెరుస్తాం” అని రాయాలి. నష్టానికి రక్షణ లేదన్న అర్థం ఎక్కడా రాకూడదు.

అపోహ: అప్పీలు దారి వివరంగా చెబితే ఫిర్యాదులను మనమే పిలిచినట్టు.

వాస్తవం: ఫిర్యాదు చేయాలనుకున్నవాళ్లు దారి వెతుక్కుంటారు, చెప్పకపోతే కోపంగా వెతుక్కుంటారు. గడువు “త్వరలో” అని కాకుండా తేదీ వేసి రాయండి. ఎవరికి రాయాలి, మీ సంస్థ జవాబుతో తృప్తి చెందకపోతే బయట ఏ సంస్థని ఆశ్రయించవచ్చు అన్నవీ ఉండాలి.

చాలా లేఖల్లో లేనిది ఇంకొకటి ఉంది: ఏ ఆధారం వస్తే ఈ నిర్ణయం మారవచ్చు? “ఇతర సమాచారం ఉంటే పంపగలరు” అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఈ కేసులో ఐతే ఇలా రాయాలి: “మే 28 తర్వాత అల్మరా లోపలి భాగం పొడిగా ఉన్నట్టు చూపే తేదీ ఉన్న ఫోటోలు గాని, ఆ రోజుల్లో జాయింటు పరిశీలించిన ప్లంబర్ ఇచ్చిన రసీదు గాని ఉంటే పంపండి. నిర్ణయాన్ని మళ్లీ పరిశీలిస్తాం.” మే 28 అంటే పైపు ఊడిన రోజుకి సరిగ్గా 14 రోజుల ముందు. ఏ తేదీ ఎందుకు ముఖ్యమో కూడా ఒక మాట రాయండి. సర్వేయర్ నివేదిక నకలు లేఖతోనే జతచేయండి. దాన్ని చూడకుండా ఎవరూ దానికి జవాబు చెప్పలేరు.