టీ కొట్టు నగదు అంచనా: పన్నెండుతో భాగిస్తే వచ్చే చిక్కు

చిన్న దుకాణాల లెక్కలు చూడటం నా వృత్తి. హనుమకొండలోనూ చుట్టుపక్కలా టీ కొట్టు పెట్టబోయేవారు, పెట్టి చిక్కుల్లో పడ్డవారు మూడేళ్ల నగదు అంచనా కోసం నా దగ్గరకు వస్తుంటారు. వచ్చేవారిలో చాలామంది చేతిలో అప్పటికే ఎవరో టైపు చేసిచ్చిన ప్రాజెక్టు రిపోర్టు ఉంటుంది. అందులో ముప్పై ఆరు నెలల గడులు ఉన్నా, ఏడాదిలోని పన్నెండింటిలోనూ ఒకే అంకె కనిపిస్తుంది. ఆ ఒకే అంకె వెనుక ఉన్న నమ్మకమే నేను చూసినంతలో అన్నిటికంటే ఖరీదైన అపోహ.

అపోహ: ఏడాది మొత్తం మీద మిగులుతున్నప్పుడు నెలనెలా చూడనక్కరలేదు; ఏడాది అంకెను పన్నెండుతో భాగిస్తే సరిపోతుంది.

వాస్తవం ఏమిటో నా దగ్గరకు వచ్చిన ఒక కుటుంబం లెక్కతోనే చెబుతాను. కాలేజీ సందులో కొట్టు. టీ ఆ ఇంటి యజమానే కాస్తాడు. బజ్జీలు, పునుగులు వేయడానికి ఒక మాస్టరు, గ్లాసులు కడిగి పార్సిళ్లు అందించడానికి ఒక కుర్రాడు ఉన్నారు. నెలకు 28 రోజులు తెరుస్తారు. రోజుకు సగటున 5,000 రూపాయల అమ్మకం, అంటే నెలకు 1,40,000. పాలు, టీపొడి, పంచదార, శనగపిండి, నూనె కలిపి అమ్మకంలో 45 శాతం, అంటే 63,000. పందొమ్మిది కిలోల కమర్షియల్ సిలిండర్లకు 10,000, జీతాలకు 24,000, అద్దెకు 10,000, కరెంటుకూ కప్పులకూ 5,000 పోగా 28,000 మిగులుతుంది. రిపోర్టు రాసినవారు ఇందులోంచి మొదటి నెల వడ్డీ 2,292, సామాను తరుగుదల 3,000 తీసేసి, నెలకు దాదాపు 22,700 లాభమని చూపించారు.

ఆ అంకెలో అబద్ధం లేదు, కానీ అది గల్లాపెట్టెలోకి వచ్చే డబ్బు కాదు. పదకొండు శాతం వడ్డీకి తీసుకున్న రెండున్నర లక్షల అప్పును మూడేళ్లలో తీర్చాలంటే నెల వాయిదా 8,185 అవుతుంది. ఇందులో వడ్డీ పోగా మిగిలిన అసలు లాభనష్టాల లెక్కలోకి రాదు గానీ, జేబులోంచి మాత్రం పోతుంది. తరుగుదల దీనికి సరిగ్గా వ్యతిరేకం: లెక్కలో కనిపిస్తుంది, చేతిలోంచి కదలదు. ఇక ఇంటి ఖర్చు 18,000 ఆ రిపోర్టులో ఎక్కడా లేదు. కొట్టులో పొద్దున ఐదు నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడే మనిషి ఇంట్లో బియ్యం కొనకుండా మూడేళ్లు ఎలా గడుపుతాడని రాసినవారు అనుకున్నారో నాకు అర్థం కాదు. 28,000లోంచి వాయిదా, ఇంటి ఖర్చు తీసేస్తే మిగిలేది 1,815 మాత్రమే.

అదైనా మామూలు నెల మాట. ఆయన కొట్టులో నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు చలికి అమ్మకం రోజుకు 6,125 దాకా పోతుంది. ఏప్రిల్ నుంచి జూన్ వరకు ఎండలు, సెలవులు కలిసి 3,500కు పడిపోతుంది. మిగిలిన ఐదు నెలలు 5,000 దగ్గర నిలుస్తుంది. ఈ పన్నెండింటి సగటు సరిగ్గా 5,000 కాబట్టి రిపోర్టు తప్పని ఎవరూ అనలేరు. అమ్మకం తగ్గితే పాలు, గ్యాసు ఖర్చు తగ్గుతాయి గానీ జీతాలు, అద్దె, వాయిదా, ఇల్లు తగ్గవు. అందుకే చలికాలపు నెలలో 17,140 మిగిలితే, వేసవి నెలలో 19,285 లోటు పడుతుంది. ఏడాదికి కలిపితే 19,780 మిగులే.

ఆయన చేతిలో 20,000 ఉంచుకుని మార్చిలో కొట్టు తెరిచాడు. మార్చి చివర 21,815, ఏప్రిల్ చివర 2,530. మే చివరికి 16,755 లోటు, జూన్ చివరికి 36,040 లోటు. అదే కొట్టు, అదే 20,000తో నవంబరులో తెరిచి ఉంటే ఫిబ్రవరి చివరికి 88,560 చేరేది, జూన్ దాటాక కూడా 32,520 చేతిలో ఉండేది. ఏడాది సగటు చూసినవారికి ఈ రెండు కొట్లూ ఒకటే.

ఆ జూన్‌లో ఆయన డైలీ ఫైనాన్స్‌కు వెళ్లాడు. నలభై వేలు రాసుకుని చేతికి 34,000 ఇచ్చారు. రోజుకు 400 చొప్పున వంద రోజులు కట్టాలి. అంటే నెలకు 12,000, జూలై మిగులు చూస్తే 1,815. పాలవాడి ఖాతా పెరిగింది, ఇంటి ఖర్చు సగమైంది. నా దగ్గరకు వచ్చిన రోజు ఆయన భార్య ఆ రిపోర్టును బల్ల మీద పెట్టి, "నెలకు ఇరవై రెండు వేల లాభమని దీంట్లో ఉంది కదా సార్, మరి ఆ డబ్బు ఎవరు తీసుకున్నట్టు?" అని అడిగింది. ఆయనే ఎక్కడో వాడేశాడని ఆమె అనుమానం, పాపం ఆయన తలెత్తలేదు. ఎవరూ తీసుకోలేదని, ఆ డబ్బు అసలు రానేలేదని వరుస వరుసగా రాసి చూపించడానికి నాకు గంట పట్టింది.

కాబట్టి పట్టికలో ఏడాది మొత్తం కంటే ముందు చూడవలసింది అతి తక్కువ ముగింపు నిల్వ. మొదటి నెల B నిలువు వరుసలో మొదలై ముప్పై ఆరో నెల AKలో ముగిసేలా, మూడో అడ్డు వరుసలో ప్రారంభ నిల్వ, పన్నెండులో మొత్తం రాబడి, ఇరవై ఐదులో మొత్తం చెల్లింపు, ఇరవై ఆరులో ముగింపు నిల్వ పెట్టుకుంటే, వేయవలసిన సూత్రాలు ఇంతే:

```
B26: =B3+B12-B25
C3:  =B26
B28: =MIN(B26:AK26)
```

మొదటి రెంటినీ ముప్పై ఆరో నెల దాకా లాగాలి. B28లో వచ్చిన అంకె సున్నాకు దిగువన ఉంటే, అంత డబ్బు మొదటి రోజే అదనంగా చేతిలో ఉండాలి, లేదా తెరిచే నెల మార్చుకోవాలి. ఏ నెల ఎంత అమ్ముతామో కొత్తవారికి ఎలా తెలుస్తుందని అడుగుతారు. ఆ వీధిలో పాలు వేసే అతనికి తెలుసు. డిసెంబరులో పక్క కొట్టుకు ఎన్ని ప్యాకెట్లు వేశాడో, మేలో ఎన్ని వేశాడో కనుక్కుని, లీటరుకు ఎన్ని టీలు పడతాయో మాస్టరును అడిగితే నెలల మధ్య తేడా దొరుకుతుంది.

అపోహ: రెండో ఏడాదికీ మూడో ఏడాదికీ అన్నిటికీ పది శాతం కలిపితే చాలు. పాల ధర ఏడాదిలో ఎప్పుడైనా రెండు రూపాయలు పెరగవచ్చు. టీ ధర పెంచితే పదినుంచి ఒకేసారి పన్నెండుకు వెళుతుంది. ఈ రెంటి మధ్య గడిచే నెలలు ప్రమాదకరమైనవి. పై కొట్టులో సరుకుల వాటా 45 నుంచి 47 శాతమైతే మామూలు నెలలో 2,800 అదనపు ఖర్చు, ఉన్న మిగులు 1,815. అద్దె పెంపును ఒప్పందం తిరగరాసే నెలలో, దసరా మామూళ్లను దసరా నెలలో వేయాలి.

అపోహ: వాయిదాలు ఇంకా మొదలుకాని మారటోరియం ఉన్నన్నాళ్లూ వడ్డీ ఉండదు. ఉంటుంది.

అపోహ: అమ్మకమంతా ఫోన్‌పేలోనూ గల్లాలోనూ వెంటనే పడుతుంది. పక్క ఆఫీసుకు నెల ఖాతా మీద టీ పంపేవారు ఆ మొత్తాన్ని తర్వాతి నెల గడిలో వేయాలి; మొదటి నెలలో ఆ గడి ఖాళీగానే ఉంటుంది.

అపోహ: ఈ పట్టిక బ్యాంకు కోసం మాత్రమే. బ్యాంకు వారు దీన్ని ఒకసారి చూసి ఫైలులో పెడతారు. ఆ కుటుంబం మాత్రం ఇప్పుడు ప్రతి నెలాఖరు రాత్రి గల్లా, బ్యాంకు ఖాతా కలిపి లెక్కబెట్టి, అంచనా అంకె చెరిపి అసలు అంకె రాస్తుంది. రెండో వేసవి కోసం నవంబరు నుంచి నెలకు 15,000 చొప్పున భార్య పేరిట ఉన్న వేరే ఖాతాలో వేస్తున్నారు. ఆ ఖాతాకు ఫోన్‌పే పెట్టవద్దని ఆమే అంది.