నేలలో తలుపు ఎందుకు తప్పిపోతుంది? రిఫ్లెక్షన్ ప్రోబ్‌లపై అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో అపార్ట్‌మెంటు పునాది దశలో ఉండగానే కొనేవారు దాని హాల్లో తిరిగి చూస్తారు. తెర మీద ఆ హాలుకు వెలుగు అమర్చడం నా పని. ఇక్కడ దాదాపు ప్రతి ఇంటి నేలా మెరిసే విట్రిఫైడ్ టైలే. గోడ రంగులో చిన్న తేడా ఉంటే ఎవరూ పట్టించుకోరు. నేలలో ప్రతిబింబం తప్పితే మాత్రం, ఏది తప్పో చెప్పలేకపోయినా, ఇది నిజం గది కాదని చూసేవారికి వెంటనే అనిపిస్తుంది. నేను వాడేది యూనిటీ అనే 3డీ ఇంజిన్ కాబట్టి అందులోని పేర్లే చెబుతాను. లెక్క ఎక్కడైనా ఒక్కటే.

అపోహ: మంచి హెచ్‌డీఆర్ ఆకాశం పెడితే గది లోపల కూడా వెలుగు కుదురుతుంది.

హెచ్‌డీఆర్ అంటే వెలుగు తీవ్రతలను కోసేయకుండా దాచుకునే చిత్రం. కానీ ఆ ఆకాశం చిత్రానికి మన గోడల సంగతి తెలియదు. లైట్‌మ్యాప్ బేక్ చేసేటప్పుడు, అంటే వెలుగును ముందే లెక్కగట్టి గోడల మీదా నేల మీదా దాచేటప్పుడు, కిరణాలు గోడలకు తగిలి ఆగుతాయి కాబట్టి వెలుగు కిటికీలోంచి మాత్రమే వస్తుంది. ప్రతిబింబం విషయంలో అలా జరగదు. ప్రోబ్ అంటే ఒక చోటినుంచి చుట్టూ ఉన్నదంతా చిత్రంగా తీసి ప్రతిబింబాలకు అందించే కెమెరా లాంటిది. వస్తువుకు దగ్గర్లో ప్రోబ్ లేకపోతే, ఇంజిన్ నేరుగా బయటి ఆకాశం చిత్రాన్నే చదువుతుంది. మధ్యలో స్లాబు ఉందా, గోడ ఉందా అని చూడదు.

దీన్ని పట్టుకోవడానికి నేను గదిలో ఒక ఇత్తడి దీపపు కుంది పెడతాను. క్రోమ్ గోళం కూడా పనికొస్తుంది కానీ, ఇత్తడి మన ఇళ్లలో ఎలా మెరుస్తుందో కంటికి బాగా తెలుసు. నాలుగు గోడల మధ్య ఉన్న కుంది పైభాగంలో సీలింగు కనిపించాలి. అక్కడ నీలి ఆకాశం కనిపించిందంటే ఆ మూలకు ప్రోబ్ పరిధి చేరలేదన్నమాట. కుంది లేకపోతే ఫాల్స్ సీలింగు అంచులు చూడండి. అక్కడ లేత నీలం జాడ ఉంటే కారణం అదే.

హెచ్‌డీఆర్ చిత్రం కిటికీ అవతల ఉండాలి. గదిలోని వస్తువులు గదినే ప్రతిబింబించాలి. ముందు లైట్లు బేక్ చేసి, వెలిగిన ఆ గదిని ప్రోబ్‌తో తీయాలి. ఈ వరుస తప్పితే ప్రోబ్‌లో చీకటి గది నమోదవుతుంది.

అపోహ: ప్రతిబింబం సరిగా లేకపోతే రిజల్యూషన్ పెంచాలి.

మా జట్టులో కొత్తగా చేరిన అనంతపురం కుర్రాడు ఒక సాయంత్రం నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, ప్రోబ్‌ను 256 నుంచి 1024కి పెంచాను. బాల్కనీ తలుపు స్పష్టంగా వచ్చింది. కానీ ఉండాల్సిన చోట లేదు" అన్నాడు. సమస్యను అంతకన్నా బాగా చెప్పలేం. అతనికి కాగితం మీద వేసి చూపిన లెక్కనే ఇక్కడ ఇస్తున్నాను.

హాలు పొడవు 6 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. చివరి గోడకు బాల్కనీ తలుపు ఉంది, దాని ఎత్తు 2.1 మీటర్లు. ప్రోబ్ సరిగ్గా నడిమధ్యన, నేలకు 1.5 మీటర్ల ఎత్తులో ఉంది. చూసే మనిషి వెనక గోడకు 1 మీటరు ముందు, తలుపుకు ఎదురుగా నిలబడ్డాడు. కంటి ఎత్తు 1.6 మీటర్లు. అతను తనకు 3 మీటర్ల ముందున్న టైలును చూస్తున్నాడు.

చూపు 3 మీటర్లు సాగేసరికి 1.6 మీటర్లు దిగింది. టైలుకు తగిలి అదే వాలుతో పైకి లేస్తుంది. అక్కడినుంచి బాల్కనీ గోడకు 2 మీటర్లే దూరం కాబట్టి గోడను సుమారు 1.07 మీటర్ల ఎత్తులో తాకుతుంది. అంటే ఆ టైలులో తలుపు అద్దం నడిమి భాగం తళతళలాడుతూ కనిపించాలి.

ఇంజిన్ మామూలుగా చేసేది వేరు. అది కిరణం దిశను మాత్రమే తీసుకుంటుంది, బయలుదేరిన చోటును వదిలేస్తుంది. అదే వాలుతో ప్రోబ్ ఉన్న చోటినుంచి చూస్తుంది. 1.5 మీటర్ల ఎత్తున మొదలై 3 మీటర్లు సాగితే 3.1 మీటర్లు అవుతుంది, గది ఎత్తును దాటిపోతుంది. కాబట్టి గోడకు 19 సెంటీమీటర్ల ఇవతల సీలింగుకు తగులుతుంది. అద్దం కనిపించాల్సిన టైలులో సీలింగు కనిపిస్తుంది. రిజల్యూషన్ ఎంత పెంచినా ఆ సీలింగే మరింత స్పష్టంగా వస్తుంది. పైగా టైలుకు కాస్త గరుకుదనం ఇచ్చినా ఇంజిన్ చదివేది మసకబారిన చిన్న చిత్రాన్నే. పెద్ద చిత్రం మెమరీని తినడానికి తప్ప దేనికీ రాదు.

దీనికి మందు `Box Projection`. ప్రోబ్‌కు ఒక పెట్టె ఇస్తాం. కిరణం ఆ పెట్టె గోడను ఎక్కడ తాకిందో ఇంజిన్ ముందు కనుక్కుంటుంది, ప్రోబ్ నుంచి ఆ బిందువు వైపు చూస్తుంది. మన లెక్కలో 1.07 మీటర్ల ఎత్తు దొరికింది కాబట్టి ప్రోబ్ కొంచెం కిందికి చూస్తుంది. అద్దం తన చోటికి వస్తుంది. యూనిటీలో యూఆర్‌పీ అనే రెండరింగ్ పైప్‌లైన్ వాడేవారు దీన్ని ప్రోబ్‌లోనే కాక పైప్‌లైన్ అసెట్‌లో కూడా ఆన్ చేయాలి. రెండోది మరిచిపోయి గంటలు పోగొట్టుకున్నవారిని చాలామందిని చూశాను.

పెట్టె గోడలు గది గోడల లోపలి ముఖాలకు సరిగ్గా ఆనాలి. సరిపోయిందో లేదో స్కర్టింగ్ దగ్గర తెలుస్తుంది. నేల అంచున అసలు స్కర్టింగూ దాని ప్రతిబింబమూ ఒకే గీత మీద కలవాలి. విడిపోయినా, ఒకదాన్నొకటి మింగినా కొలత తప్పినట్టే.

అపోహ: పెట్టె కుదిరితే సోఫా కూడా కుదురుతుంది.

కుదరదు. ప్రోబ్ చూసినదంతా పెట్టె గోడల మీద అతికించిన బొమ్మే. గోడకు ఆనుకున్న బీరువా బాగానే వస్తుంది. గది మధ్యలోని సోఫా మాత్రం వెనక గోడ మీద సాగిన మరకలా నేలలో కనిపిస్తుంది, దాని కాళ్ల దగ్గర ఏమీ ఉండదు. నడిమి సామానుకు `Reflection Probe Static` తీసేసి ప్రోబ్‌లో పడకుండా చేస్తాను. తప్పు చోట కనిపించే సోఫా కన్నా కనిపించని సోఫా నయం. సామాను ప్రతిబింబం తప్పనిసరైతే నేలకు విడిగా ప్లేనార్ రిఫ్లెక్షన్ పెట్టాలి, అంటే నేలను అద్దంగా తీసుకుని గదిని మరోసారి గీయించాలి, దాని ఖరీదు భరించాలి.

హాలూ డైనింగూ ఎల్ ఆకారంలో ఉంటే రెండు ప్రోబ్‌లు, రెండు పెట్టెలు. అవి కలిసే చోటు దూలం కిందికి వస్తే మంచిది.

అపోహ: ఫైలు హెచ్‌డీఆర్ అయితే సూర్యుడు అందులో పూర్తిగా ఉన్నట్టే.

సూర్యబింబం ఆకాశంలో సుమారు అర డిగ్రీ మాత్రమే. 4096 పిక్సెళ్ల వెడల్పున్న పరిసర చిత్రంలో అది ఆరు పిక్సెళ్లు. ఎండవేళ వెలుగులో ఎక్కువ భాగం ఆ ఆరు పిక్సెళ్ల చుక్కదే. ఫొటో తీసేటప్పుడు తక్కువ ఎక్స్‌పోజర్లు సరిపడినన్ని తీయకపోతే ఆ చుక్క తెల్లగా తెగిపోతుంది. ఫైలు తెరిచి సూర్యుడి పిక్సెల్ విలువను పక్కనున్న నీలాకాశంతో పోల్చండి. నిజంగా ఆ తేడా లక్షల రెట్లు. ఫైల్లో యాభై, వంద రెట్లే ఉంటే సూర్యుడు పోయినట్టే. ఏ వస్తువు కింద నీడైనా మేఘం పట్టిన రోజులా పలచగా పడుతుంది. అప్పుడు చిత్రంలో ఆ చుక్కను పక్క ఆకాశంతో చెరిపేసి, సూర్యుడికి విడిగా డైరెక్షనల్ లైటు పెట్టాలి. చెరపకుండా లైటు పెడితే మెరుపులు రెండు పడతాయి.

ఆ లైటు దిశ ఈ ఊరిదై ఉండాలి. బెంగళూరు 13 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉంది. ఏటా ఏప్రిల్ 24, ఆగస్టు 18 ప్రాంతంలో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి వస్తాడు. ఈ రెంటి మధ్య ఉత్తరం వైపే ఉంటాడు. యూరప్‌లో తీసిన ఆకాశాన్ని యథాతథంగా పెట్టి, దక్షిణం బాల్కనీలోంచి మే నెల మధ్యాహ్నం హాలు సగం దాకా ఎండ పరిచిన దృశ్యం ఒకటి మా చేతికి వచ్చింది. ఆ ఇంట్లో ఆ సమయాన ఎండ లోపలికి రానే రాదు. సూర్యుణ్ణి తన చోట పెట్టి మళ్లీ బేక్ చేస్తే ఎండ పట్టీ పోయింది. ఆకాశం నుంచీ ఎదుటి భవనం గోడ నుంచీ వచ్చిన మెత్తని వెలుగు మిగిలింది. ప్రోబ్ మళ్లీ తీశాక ఆ వెలుగుతో నిండిన తలుపు అద్దం నేలలో స్కర్టింగ్ గీత దగ్గరే మొదలైంది.