ఆరు బై ఆరు చూపు, చిరిగిన రెటీనా

గుణుపురంలో మా మావయ్యకు కిరాణా కొట్టుంది. ఒక సాయంత్రం కరెంటు పోయి డాబా మీద కూర్చుంటే కుడికంటి చివర ఏదో మెరిసింది. కొండల మీద వాన పడుతోందేమో అనుకున్నాడు కానీ ఆకాశంలో మబ్బే లేదు. కన్ను తిప్పినప్పుడల్లా అదే వంపు మెరుపు. తెల్లారేసరికి ఆ కంట్లో మసి చల్లినట్టు నల్లటి చుక్కలు, వాటి మధ్య సాలెగూడు తెగినట్టు ఒక పోగు. దోమనుకుని రెండుసార్లు చేత్తో తోలాడట.

కళ్లద్దాల కొట్టుకు వెళ్తే బోర్డు మీది ఆఖరి వరుస దాకా చదివేశాడు. చూపు ఆరు బై ఆరు, వయసుకి వచ్చేదేలే అన్నారు. నేను విశాఖపట్నంలో ఆప్టోమెట్రిస్టుని కాబట్టి రాత్రి నాకు ఫోన్ చేశాడు. "దసరా సరుకు దించుకుని వచ్చే వారం వస్తాను రా" అన్నాడు. "సరుకు అత్తయ్య దించుకుంటుంది గానీ, నువ్వు పొద్దున్నే బయల్దేరు మావయ్యా" అన్నాను.

అంత టెన్షన్ ఎందుకో చెబుతాను. కంటిగుడ్డు లోపల సుమారు నాలుగు మిల్లీలీటర్ల విట్రియస్ ఉంటుంది. చూడటానికి పలచటి జెల్లీలా ఉంటుంది, దాదాపు అంతా నీరే, అందులో సన్నటి కొలాజెన్ పోగులు. వయసు మీద పడేకొద్దీ ఇది నీళ్లబారి, పోగులు ఉండకడతాయి. వాటి నీడ కంటి వెనక వెలుగును పట్టే పొర, అంటే రెటీనా మీద పడితే మనకు దోమల్లా కనిపిస్తుంది. అందుకే తెల్లగోడ మీదకో ఆకాశం వైపో చూస్తే ఎక్కువగా తెలుస్తాయి, కన్ను ఆగాక కూడా కాస్త ఊగుతాయి. ఏళ్ల తరబడి ఉన్నవే ఉంటే భయం లేదు.

యాభై దాటాక ఎక్కువమందికి ఎప్పుడో ఒకప్పుడు ఆ జెల్లీ రెటీనా నుంచి ఊడి ముందుకు వస్తుంది. మైనస్ పవరు ఎక్కువున్నవాళ్లకు ఇంకా ముందే. మావయ్యకు యాభై ఎనిమిదేళ్లు, అద్దాలు మైనస్ ఆరు. చాలామందికి ఈ ఊడటం శుభ్రంగా జరిగిపోతుంది. కొందరికి ఒకచోట గట్టిగా అతుక్కుని ఉండి, ఊడేటప్పుడు రెటీనాను పట్టి లాగుతుంది. రెటీనాకు నొప్పి తెలీదు. ఎలా ముట్టుకున్నా దానికి వెలుగుగానే తెలుస్తుంది. మావయ్య చూసిన మెరుపు ఆ లాగుడే. మరీ గట్టిగా లాగితే రెటీనా గుర్రపు నాడా ఆకారంలో చిరుగుతుంది. దారిలో రక్తనాళం ఉంటే అదీ తెగి, చిమ్మిన రక్తం మసిలా కనిపిస్తుంది.

చిక్కంతా ఇక్కడే. మామూలుగా ఊడినా మెరుపే, చిరిగినా మెరుపే. లోపల్నుంచి చూసేవాడికి తేడా తెలీదు. కొత్తగా ఇలా మొదలై డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్లలో ఇంచుమించు ఏడుగురిలో ఒకరికి చిరుగు దొరుకుతుంది. చుక్కలు ఒకటీ రెండూ కాకుండా ఒక్కసారిగా గుంపుగా వచ్చినా, చూపు మసకేసినా అనుమానం బాగా పెరుగుతుంది. బోర్డు చదివించడం వల్ల ఇదేమీ బయటపడదు. అక్షరాలు చదివేది రెటీనా నడిబొడ్డు, చిరుగు పడేది ఎక్కువగా అంచున. చిరుగులోంచి నీరు రెటీనా కిందికి చేరితే, గోడ నుంచి తడిసిన కాగితం లేచినట్టు పొర లేస్తుంది. అప్పుడు ఒక పక్కనుంచి నల్లపరదా కమ్ముకొస్తుంది. కంట్లో బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి, పైన లేచిన పొరకు పరదా కిందనుంచి కనిపిస్తుంది. పరదా కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి చేరాలి. మెరుపులు, చుక్కలు కొత్తగా మొదలైతే ఆ రోజో మర్నాడో చూపించుకోవాలి.

ఇంకోరకం మెరుపులున్నాయి. రెండు కళ్లలోనూ రంపపు పళ్లలా మెరుస్తూ పెరిగి, ఇరవై ముప్పై నిమిషాల్లో పోతాయి, తర్వాత తలనొప్పి రావచ్చు. అది మైగ్రేన్. ఒక్కో కన్నూ మూసి చూసుకుంటే ఒకదానిలోనా రెండింటిలోనా అన్నది తెలుస్తుంది.

మావయ్య వచ్చాక కంటిపాప పెద్దదయ్యే చుక్కల మందు వేశారు. ఆ మందు వేశాక కొన్ని గంటలు మసగ్గా ఉంటుంది, బండి నడపకూడదు. డాక్టరు తలకు లైటు పెట్టుకుని, కనురెప్ప మీంచి గుడ్డును మెల్లగా నొక్కుతూ అంచుదాకా వెతికాడు. కుడికంట్లో పైన, చెవి వైపు ఒక నాడా చిరుగు. పొర ఇంకా లేవలేదు. తిమ్మిరి చుక్కలు వేసి, చిరుగు చుట్టూ మూడు వరుసలు లేజర్ మచ్చలు పెట్టాడు. పావుగంట పని. ఆ మచ్చలు గట్టిపడి అతుకు నిలవడానికి ఒకటి రెండు వారాలు పడుతుంది, ఆలోపు బరువులెత్తొద్దన్నారు. అదే పొర లేచాక వచ్చుంటే పెద్ద ఆపరేషన్, కంట్లో గ్యాసు నింపడం, రోజుల తరబడి చెప్పిన వైపే తల పెట్టుకుని పడుకోవడం.

నెల తర్వాత మళ్లీ చూపించుకున్నాడు, ఎందుకంటే ఆలస్యంగా కొత్త చిరుగు పడే అవకాశముంది. ఎడమకంట్లో జెల్లీ కూడా ఎప్పుడో ఇలాగే ఊడొచ్చు. అందుకని కొట్టు తెరిచాక సున్నం గోడ ఎదుట నిలబడి ఒక్కో కన్నూ మూసి చూసుకుంటాడు. ఈ లేజర్ ఆ నల్లటి చుక్కల్ని పోగొట్టదు, ఏ మందూ కరిగించదు. మెరుపులు తగ్గాయి గానీ ఆ పెద్ద పోగు ఇంకా ఉంది. మా అత్తయ్యతో మాత్రం దోమనే చెబుతాడు.